ఊపిరి పీలిస్తే గుండె ఎందుకు తొందరపడుతుంది?

పిల్లలకు ఆపరేషన్‌కు ముందు ఈసీజీ తీసినప్పుడు కాగితం పైభాగాన ‘సైనస్ అరిథ్మియా’ అని యంత్రం తనంతట తానే అచ్చు వేయడం మామూలే. అరిథ్మియా అంటే గుండె లయ తప్పడమని విన్న తల్లిదండ్రులు హడలిపోతారు. డాక్టరు ఆ కాగితాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, ఆపరేషన్‌కు అడ్డేమీ లేదని సంతకం పెడతారు. నిజానికి ఆ గుండె లయ తప్పలేదు. పిల్లవాడి ఊపిరిని బట్టి నడుస్తోంది, అంతే.

మణికట్టు దగ్గర నాడి మీద రెండు వేళ్లు ఆనించి, ఐదు సెకన్ల పాటు నెమ్మదిగా ఊపిరి పీల్చి, మరో ఐదు సెకన్ల పాటు వదిలి చూడండి. పీలుస్తున్నప్పుడు నాడి దెబ్బలు దగ్గర దగ్గరగా పడతాయి. వదులుతున్నప్పుడు ఎడం పెరుగుతుంది. ఇరవై ఏళ్ల వయసులో ఈ తేడా వేలికి స్పష్టంగా తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. దీని పేరే రెస్పిరేటరీ సైనస్ అరిథ్మియా. గుండె దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి మారుతూ ఉండడాన్ని మొత్తంగా హార్ట్ రేట్ వేరియబిలిటీ, పొట్టిగా హెచ్‌ఆర్‌వీ అంటున్నారు. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతుడిలో ఆ మార్పుల్లో పెద్ద వాటా ఊపిరిదే.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. జర్మనీలోని మార్బుర్గ్‌లో పనిచేస్తున్న కార్ల్ లుడ్విగ్, తిరిగే డ్రమ్ము మీద కాగితం చుట్టి, జంతువుల రక్తపోటునూ ఊపిరినీ ఒకేసారి గీతలుగా గీయించే పరికరం తయారు చేశాడు. కుక్క ఊపిరి పీల్చినప్పుడల్లా నాడి వేగం పెరగడం, వదిలినప్పుడల్లా తగ్గడం 1847లో ఆయన ఆ గీతల్లో చూసి రాశాడు. అంతకు రెండేళ్ల ముందే వేబర్ సోదరులు, వేగస్ నరానికి విద్యుత్తు తగిలిస్తే గుండె నెమ్మదిస్తుందనీ ఆగిపోతుందనీ చూపించారు. ఈ రెండు సంగతులకూ మధ్య ఉన్న సంబంధాన్ని విడమరచడానికి మాత్రం వందేళ్లు దాటింది.

బ్రేకు వేసి నడిపే గుండె

గుండెకు కొట్టుకోమని బయటి నుంచి ఎవరూ చెప్పనక్కర్లేదు. కుడి కర్ణిక పైభాగంలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంది. అందులోని కణాల విద్యుదావేశం వాటంతట అవే మెల్లగా ఎక్కి, ఒక హద్దు చేరగానే ఒక్కసారిగా విడుదలవుతుంది. ఒక్కో విడుదలకూ గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది. నరాల ప్రభావాన్ని మందులతో పూర్తిగా అడ్డుకుని, ఈ నోడ్‌ను దాని మానాన దాన్ని వదిలేస్తే ఎంత వేగంతో కొట్టుకుంటుందో 1970లో జోస్, కొలిసన్ అనే పరిశోధకులు కొలిచారు. ఇరవై ఏళ్లవారిలో అది నిమిషానికి సుమారు 107, యాభై ఏళ్లవారిలో సుమారు 90. గుండె మార్పిడి చేయించుకున్నవారి నాడి విశ్రాంతిలోనూ 90, 100 మధ్య ఉండడానికి కారణం ఇదే. కొత్త గుండెకు పాత నరాల సంబంధం తెగిపోయి ఉంటుంది.

మనలో చాలామందికి కూర్చున్నప్పుడు నాడి 60, 80 మధ్య ఉంటుంది. అంటే సొంత వేగం కంటే బాగా తక్కువ. ఆ తగ్గింపు వేగస్ నరం పని. మెదడు అడుగున ఉండే మెడుల్లా నుంచి బయలుదేరి, మెడలోంచి గుండెకు, ఊపిరితిత్తులకు, పొట్టకు పోయే పొడవాటి నరం ఇది. విశ్రాంతి వేళ గుండె మీద ఇది వేసి ఉంచిన బ్రేకు లాంటిది. గుండె వేగం కాస్త పెరగాలంటే ముందుగా జరిగేది ఆ బ్రేకు సడలడమే. సింపథెటిక్ నరాలు గుండెను తోయడం ఆ తర్వాతి మాట.

ఈ రెండు రకాల నరాల మధ్య పనితీరులో ఒక ముఖ్యమైన తేడా ఉంది. వేగస్ కొసల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడుతుంది. అది సైనస్ నోడ్ కణాల మీది గ్రాహకాలకు అతుక్కోగానే పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోవడంతో కణం లోపలి ఆవేశం కిందికి దిగుతుంది, తర్వాతి విడుదల ఆలస్యమవుతుంది. ఈ ప్రభావం అర సెకనులోపే మొదలవుతుంది. అక్కడే ఉన్న ఒక ఎంజైము ఎసిటైల్‌కోలిన్‌ను వెంటనే విరగ్గొట్టేస్తుంది కాబట్టి, నరం ఆగిన ఒకటి రెండు సెకన్లలో ప్రభావం కూడా పోతుంది. సింపథెటిక్ నరాల నుంచి వెలువడే నారడ్రినలిన్ అలా కాదు. కణం లోపల ఒకదాని వెనక ఒకటిగా కొన్ని రసాయన చర్యలు జరిగాకే దాని పని కనిపిస్తుంది. మొదలవడానికే ఒకటి రెండు సెకన్లు పడుతుంది, పూర్తి స్థాయికి చేరడానికి ఇంకా చాలా సమయం కావాలి, తగ్గడమూ నిదానమే.

మనం మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి పద్దెనిమిది సార్లు ఊపిరి తీస్తాం. అంటే ఒక్కో ఊపిరికి మూడు సెకన్ల పైచిలుకు నుంచి ఐదు సెకన్లు. అంత తక్కువ వ్యవధిలో గుండె వేగాన్ని పెంచి మళ్లీ దించాలంటే సింపథెటిక్ నరాలకు చేతకాదు. ఆ పని వేగస్‌కే సాధ్యం. అందుకే ఊపిరితో పాటు నాడి ఎంత మారుతోందో కొలిస్తే, గుండెను ముట్టుకోకుండానే వేగస్ నరం పనిని చూసినట్టవుతుంది.

ఒక ఊపిరిలో జరిగేది

గుండెకు పోయే వేగస్ పోగుల్లో ఎక్కువ భాగం మెడుల్లాలోని న్యూక్లియస్ యాంబిగ్యుయస్ అనే కణాల గుంపులో పుడతాయి. ఊపిరి లయను తయారు చేసే నాడీకణాలు కూడా దాని పొరుగునే ఉన్నాయి. ఊపిరి పీల్చమని కండరాలకు ఆదేశం పోతున్న క్షణంలోనే, వేగస్ కణాలకు ‘ఆగు’ అనే సంకేతం కూడా అందుతుంది. 1984లో గిల్బీ, స్పయర్ తదితరులు పిల్లుల మెదడులోని ఈ కణాల లోపలికి అతి సన్నని ఎలక్ట్రోడు దించి, ఈ సంగతిని నేరుగా కొలిచారు. ఊపిరి పీల్చే దశలో కణం లోపలి ఆవేశం కిందికి దిగి, అది సంకేతాలు పంపడం మానేసింది. పీల్చడం ఆగగానే మళ్లీ మొదలుపెట్టింది.

ఈ ‘ఆగు’ ప్రభావం రక్తపోటు కబుర్ల మీదా పడుతుంది. మెడలోని ధమనుల గోడల్లో రక్తపోటును పసిగట్టే గ్రాహకాలున్నాయి. ప్రతి గుండె దెబ్బకూ అవి ‘పోటు పెరిగింది, బ్రేకు వెయ్యి’ అని మెడుల్లాకు కబురు పంపుతూనే ఉంటాయి. ఊపిరి వదిలే దశలో వచ్చిన కబురును వేగస్ కణాలు వెంటనే అందుకుని గుండెను నెమ్మదింపజేస్తాయి. అదే కబురు పీల్చే దశలో వస్తే చాలావరకు పట్టించుకోవు.

దీనికి తోడు శరీరం నుంచి వచ్చే సంకేతాలూ ఉన్నాయి. ఊపిరితిత్తులు ఉబ్బినప్పుడు వాటి సాగుదలను గుర్తించే గ్రాహకాలు వేగస్ నరం గుండానే మెదడుకు సమాచారం పంపి, బ్రేకును ఇంకాస్త సడలిస్తాయి. ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీలోపలి ఒత్తిడి తగ్గడంతో రక్తపోటు కూడా అలలా లేచి దిగుతుంది. ఆ అలకు స్పందించి వేగస్ తన పట్టును మార్చుకుంటుంది. మెదడులో పుట్టే ఆదేశం ప్రధానమా, రక్తపోటు అల ప్రధానమా అన్నది ఇప్పటికీ తేలని చర్చ. 2009లో ఎక్‌బర్గ్, కారెమాకర్ అనే ఇద్దరు ఉద్దండులు ఒకే పత్రికలో చెరో పక్షం నిలబడి వాదించుకున్నారు.

కారణం ఏదైనా, అది గుండెను చేరే దారి మాత్రం ఒక్కటే. ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే అట్రోపిన్ తగిన మోతాదులో ఇస్తే, ఊపిరితో కలిసి నడిచే ఈ మార్పు దాదాపు మాయమైపోతుంది. మార్పిడి చేసిన గుండెలోనూ అంతే. ఊపిరికి కర్ణిక గోడ సాగడం వల్ల మిగిలే స్వల్పమైన తేడా మాత్రమే అక్కడ కనిపిస్తుంది.

వాచీ చూపే అంకె

ఇప్పుడు చాలా స్మార్ట్‌వాచీలు రాత్రి నిద్రలో నాడిని కొలిచి, పొద్దున హెచ్‌ఆర్‌వీ ఇంత అని మిల్లీసెకన్లలో చూపిస్తున్నాయి. వాటిలో ఎక్కువగా వాడే లెక్క ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ. పేరు పెద్దదే గానీ లెక్క చిన్నది. వరుసగా ఆరు గుండె దెబ్బల వ్యవధులు 860, 900, 950, 920, 870, 830 మిల్లీసెకన్లు అనుకుందాం. పక్కపక్క వ్యవధుల మధ్య తేడాలు 40, 50, 30, 50, 40. ఈ తేడాల వర్గాలు 1600, 2500, 900, 2500, 1600. వాటి సగటు 1820. దాని వర్గమూలం సుమారు 43. వాచీ చూపేది ఇదే అంకె. అసలు కొలతలో ఆరుకు బదులు కొన్ని వందల వ్యవధులు ఉంటాయి. పక్కపక్క దెబ్బల తేడానే తీసుకుంటుంది కాబట్టి, ఈ లెక్క త్వరగా మారే వేగస్ పనినే ఎక్కువగా పట్టుకుంటుంది.

అయితే ఈ లెక్కకు ఒక బలహీనత ఉంది. దెబ్బ ఎందుకు ముందో వెనకో పడిందో దానికి తెలియదు. ఆరోగ్యవంతుల్లో కూడా అప్పుడప్పుడు గుండెలో వేరేచోట నుంచి ఒక దెబ్బ ముందుగా పడి, తర్వాత కాస్త ఎక్కువ విరామం వస్తుంది. పై వరుసలో మూడో, నాలుగో వ్యవధులు అలా 600, 1200గా మారాయనుకోండి. అదే లెక్క వేస్తే 43 కాస్తా 335 అవుతుంది. నరంలో ఏ మార్పూ లేదు, అంకె మాత్రం దాదాపు ఎనిమిది రెట్లయింది. అందుకే పరిశోధకులు ముందుగా ఇలాంటి దెబ్బలను ఏరిపారేశాకే లెక్క మొదలుపెడతారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో ప్రతి వ్యవధీ అడ్డదిడ్డంగా మారుతుంది. వాచీ దాన్ని పట్టుకోకపోతే, జబ్బు గుండెకు బ్రహ్మాండమైన హెచ్‌ఆర్‌వీ ఉన్నట్టు చూపే ప్రమాదం ఉంది.

మంచి మార్పునూ చెడ్డ మార్పునూ విడదీసే గుర్తు ఊపిరే. సైనస్ అరిథ్మియాలో దెబ్బల ఎడం మెల్లగా తగ్గుతూ, మెల్లగా పెరుగుతూ ఊపిరి వెంట పోతుంది. ఈసీజీలో ప్రతి దెబ్బకు ముందూ ఒకే ఆకారంలో పీ తరంగం ఉంటుంది. ఊపిరితో పొత్తు లేకుండా నాడి అడ్డదిడ్డంగా తగులుతుంటే, మధ్యలో దెబ్బలు తప్పిపోతుంటే, లేదా కళ్లు తిరగడం, ఆయాసం తోడైతే ఈసీజీ తీయించుకోవాల్సిందే.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. నిమిషానికి ఆరు సార్లు మాత్రమే ఊపిరి తీస్తూ కొలిస్తే చాలామందిలో ఈ మార్పు ఒక్కసారిగా పెరుగుతుంది. ఊపిరి వేగంగా ఉన్నప్పుడు ఎసిటైల్‌కోలిన్ ప్రభావం పూర్తిగా పోకముందే మళ్లీ బ్రేకు పడుతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు బ్రేకు పూర్తిగా సడలడానికీ, పూర్తిగా పడడానికీ వ్యవధి దొరుకుతుంది. పైగా రక్తపోటును సర్దే వ్యవస్థకు సహజంగా పది సెకన్ల ఊగిసలాట ఉంది. ఆరు ఊపిరుల లయ సరిగ్గా దానితో కలిసి, రెండు ఊగిసలాటలూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఇటలీకి చెందిన బెర్నార్డీ బృందం 2001లో, లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, బౌద్ధ మంత్రం జపించినా ఊపిరి దానంతట అదే నిమిషానికి ఆరుకు దగ్గరగా వస్తుందనీ, ఈ ఊగిసలాట పెరుగుతుందనీ చూపించింది. అయితే ఆ నిమిషంలో అంకె పెరిగినంత మాత్రాన నరం బలపడిందని కాదు. మారింది ఊపిరి. నిన్నటి అంకెతో నేటిది పోల్చాలంటే రెండు రోజులూ ఒకే వేళ, ఒకే భంగిమలో, ఒకే తీరు ఊపిరితో కొలవాలి. పక్కింటివారి అంకెతో పోల్చడంలో అర్థం లేదు.

పైగా ఈ అంకె చెప్పేది బ్రేకు ఎంత గట్టిగా పడిందని కాదు, ఎంత మేరకు పడి లేస్తోందని. ఏళ్ల తరబడి దూరపు పరుగు సాధన చేసిన కొందరిలో విశ్రాంతి వేళ వేగస్ పట్టు ఎంత బలంగా ఉంటుందంటే, ఊపిరి పీల్చినప్పుడు కూడా అది సడలదు. వారి నాడి నిమిషానికి 45 ఉన్నా, హెచ్‌ఆర్‌వీ మాత్రం అంత ఎక్కువగా కనిపించకపోవచ్చు.

ఒక్క నిమిషం పరీక్ష

ఈ విషయం రోగికి నేరుగా పనికొచ్చే చోటు షుగరు జబ్బు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు పాడవుతాయి. పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి. పాదాలు తిమ్మిరెక్కడం అందుకే మొదట కనిపిస్తుంది. లోపలి అవయవాల నరాల్లో వేగస్ చాలా పొడవైనది కాబట్టి దాని వంతూ త్వరగానే వస్తుంది. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో యూయింగ్, క్లార్క్ అనే వైద్యులు దీన్ని కనిపెట్టడానికి తేలికైన పరీక్షల వరుసను రూపొందించారు. వాటిలో ఒకటి గాఢ శ్వాస పరీక్ష. ఈసీజీ యంత్రం, ఒక గడియారం ఉంటే చాలు.

రోగిని కొద్దిసేపు విశ్రాంతిగా ఉంచుతారు. తర్వాత పక్కన ఒకరు నిలబడి ‘పీల్చండి, వదలండి’ అని ఐదేసి సెకన్లకు చెబుతూ, నిమిషంలో ఆరు నిండైన ఊపిరులు తీయిస్తారు. ఆ నిమిషమంతా ఈసీజీ నడుస్తుంది. ప్రతి ఊపిరి మొదలునూ చివరనూ కాగితం మీద గుర్తు పెడతారు. తర్వాత ఒక్కో ఊపిరిలో, పీల్చేటప్పటి అతి చిన్న వ్యవధినీ, వదిలేటప్పటి అతి పెద్ద వ్యవధినీ కొలుస్తారు.

కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే ఒక్కో చిన్న గడి 0.04 సెకను. 1500ను రెండు దెబ్బల మధ్య ఉన్న చిన్న గడులతో భాగిస్తే నిమిషానికి గుండె వేగం వస్తుంది. ఒక నలభై ఐదేళ్ల ఆరోగ్యవంతుడి ఈసీజీలో పీల్చేటప్పుడు అతి చిన్న ఎడం 20 గడులు, వదిలేటప్పుడు అతి పెద్ద ఎడం 27 గడులు ఉందనుకుందాం. వేగాలు 75, సుమారు 56. తేడా 19. అదే వయసులో పదిహేనేళ్లుగా షుగరున్న మరొకరి ఈసీజీలో ఆ ఎడాలు 17, 18 గడులు. వేగాలు సుమారు 88, 83. తేడా 5. ఇలా ఆరు ఊపిరుల తేడాలకూ సగటు తీస్తారు. యూయింగ్ లెక్కలో 15, ఆపైన ఉంటే మామూలు. 11 నుంచి 14 వరకు అనుమానాస్పదం. 10, అంతకు తక్కువైతే నరం దెబ్బతిన్నట్టు.

రెండో వ్యక్తి ఈసీజీలో ఇంకో సంగతి గమనించండి. విశ్రాంతిలో ఉన్నా అతని వేగం 80ల్లో ఉంది. బ్రేకు సరిగా పడకపోవడంతో గుండె తన సొంత వేగానికి దగ్గరవుతోంది. అతని ఈసీజీ చూడడానికి గడియారంలా సమానంగా ఉంటుంది. అనుభవం లేని కంటికి మొదటి కాగితం జబ్బు మనిషిదిలా, రెండోది ఆరోగ్యవంతుడిదిలా కనిపిస్తుంది. అసలు సంగతి దానికి తలకిందులు.

ఈ అంకెను చదవడంలో జాగ్రత్తలున్నాయి. వయసు పెరిగేకొద్దీ ఈ తేడా సహజంగా తగ్గుతుంది కాబట్టి డెబ్బై ఏళ్ల మనిషిని పదిహేను గీటుతో కొలవకూడదు, వయసును బట్టి వేసిన పట్టికలు చూడాలి. రోగి పైపైన ఊపిరి తీస్తే నరం బాగున్నా తేడా తగ్గుతుంది. వేగస్ సంకేతాన్ని అడ్డుకునే మందులు, ఉదాహరణకు అట్రోపిన్ వంటివి, కుంగుబాటుకు వాడే కొన్ని పాత మందులు, ఫలితాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. అందుకే రోగి ఏ మందులు వాడుతున్నాడో ముందే అడుగుతారు. పరీక్షకు ముందు కాఫీ, సిగరెట్టు వద్దంటారు. ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకుండా, పడుకుని లేచి నిలబడినప్పుడు బీపీ ఎంత పడిపోతోందో కూడా చూస్తారు. నిలబడగానే పై అంకె 20 కంటే ఎక్కువ పడిపోతుంటే సింపథెటిక్ నరాలూ దెబ్బతిన్నాయని అనుమానిస్తారు.

తేడా నిజంగానే పదికి దిగువన ఉన్నట్టు తేలితే, దాన్నిబట్టి చేయాల్సిన పనులున్నాయి. ఇలాంటివారికి గుండెపోటు వచ్చినా ఛాతీనొప్పి సరిగా తెలియకపోవచ్చు. కాబట్టి అకారణంగా ఆయాసం వచ్చినా, చెమటలు పట్టినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఏ ఆపరేషన్‌కైనా ముందు ఈ సంగతి మత్తుమందు ఇచ్చే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే మత్తులో బీపీ ఒక్కసారిగా పడిపోతే గుండె వేగం పెంచి సర్దుకునే శక్తి వారికి తక్కువ. కొత్తగా బరువైన వ్యాయామం మొదలుపెట్టేముందు డాక్టరును సంప్రదించాలి. చక్కెరను మొదటి నుంచీ అదుపులో ఉంచితే ఈ నష్టం మందగిస్తుంది, ముఖ్యంగా టైప్ 1 షుగరులో ఇది గట్టిగా రుజువైంది. పాదాల తిమ్మిరి ఉన్నవారు, లేచి నిలబడితే కళ్లు తిరిగేవారు, విశ్రాంతిలో ఉన్నా నాడి నూరు దాటుతున్నవారు ఈ పరీక్ష గురించి తమ డాక్టరును అడగడం మంచిది.